డిస్కౌంట్ ముందా? జీఎస్టీ ముందా? ఒకే బిల్లులో మూడు రేట్లు ఉంటే లెక్క ఇలా చూసుకోండి

బిల్లులో సరుకు ధర, డిస్కౌంట్, జీఎస్టీ అన్నీ కనిపిస్తాయి. కానీ ఏది ముందు లెక్కేశారు అన్నది చాలామంది చూడరు. చివర్లో ఉన్న టోటల్ చూసి డబ్బులు కట్టేస్తాం. అసలు తేడా అక్కడే వస్తుంది. ముఖ్యంగా ఒకే బిల్లులో వేర్వేరు రేట్ల సరుకులుంటే చిన్న వ్యాపారికి తెలియకుండానే జేబుకు చిల్లు పడొచ్చు.

రూల్ ఏం చెబుతోంది?

సీజీఎస్టీ చట్టం 2017లోని సెక్షన్ 15 ప్రకారం.. అమ్మే ముందు గానీ, అమ్మే సమయంలో గానీ ఇచ్చిన డిస్కౌంట్‌ను ఇన్‌వాయిస్‌లో చూపిస్తే, దాన్ని సరుకు విలువలోంచి తీసేయాలి. మిగిలిన మొత్తం మీదే పన్ను వేయాలి. అంటే డిస్కౌంట్ ముందు, జీఎస్టీ తర్వాత. ఈ తగ్గించిన మొత్తాన్నే బిల్లులో 'ట్యాక్సబుల్ వాల్యూ' అంటారు.

ఒకే రేటు ఉంటే ఇది సింపుల్. మూడు రేట్లుంటే ఎలా? ఓ ఉదాహరణ చూద్దాం.

చోడవరం కిరాణా కొట్టు లెక్క

చోడవరంలో ఓ చిన్న కిరాణా వ్యాపారి అనకాపల్లి హోల్‌సేల్ షాపు నుంచి సరుకు తెచ్చుకున్నారనుకుందాం. ధరలన్నీ జీఎస్టీ కలపకముందువి.

- లూజు బెల్లం: రూ.4,000. దీనిపై జీఎస్టీ లేదు. అదే బెల్లాన్ని ప్యాక్ చేసి లేబుల్ వేస్తే మాత్రం 5 శాతం పడుతుంది.
- ఒంటి సబ్బులు: రూ.10,000. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి తగ్గింది.
- బట్టల సర్ఫు: రూ.6,000. దీనికి 18 శాతమే.

మొత్తం సరుకు రూ.20,000. హోల్‌సేలర్ "సరుకు ధర మీద 5 శాతం తగ్గిస్తా" అన్నారు. అంటే రూ.1,000 డిస్కౌంట్.

ఇప్పుడు ఈ వెయ్యిని ఏ సరుకులోంచి తీయాలి? బిల్లు మొత్తానికి ఇచ్చిన డిస్కౌంట్ కాబట్టి, ప్రతి సరుకుకీ దాని విలువను బట్టి పంచాలి. వ్యాపారంలో పాటించే పద్ధతి ఇదే. బెల్లానికి రూ.200, సబ్బులకు రూ.500, సర్ఫుకు రూ.300 వస్తుంది.

డిస్కౌంట్ పోగా ట్యాక్సబుల్ వాల్యూ, దానిపై పన్ను ఇలా ఉంటాయి.

- బెల్లం: రూ.3,800, పన్ను సున్నా
- సబ్బులు: రూ.9,500, పన్ను రూ.475
- సర్ఫు: రూ.5,700, పన్ను రూ.1,026

పన్ను మొత్తం రూ.1,501. కట్టాల్సింది 19,000 + 1,501 = రూ.20,501. బిల్లులో ఈ పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలుగా కనిపిస్తుంది. అంటే 18 శాతం అన్నది 9, 9గా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, రెండూ కలిపితే అదే రేటు.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

కొన్ని బిల్లుల్లో ముందు పూర్తి ధర మీద జీఎస్టీ వేసేస్తారు. సబ్బులకు రూ.500, సర్ఫుకు రూ.1,080, కలిపి రూ.1,580. దాంతో బిల్లు రూ.21,580 అవుతుంది. చివర్లో వెయ్యి తీసేసి రూ.20,580 కట్టమంటారు. చూడ్డానికి అదే వెయ్యి డిస్కౌంట్. కానీ వ్యాపారి కట్టింది రూ.79 ఎక్కువ.

ఇంకో రకం తప్పు అసలు కంటికే కనిపించదు. జీఎస్టీ కలిపిన రూ.21,580 మీద 5 శాతం తీస్తే రూ.1,079 తగ్గుతుంది, టోటల్ సరిగ్గా రూ.20,501 వస్తుంది. శాతాల్లో డిస్కౌంట్ ఇస్తే ముందు తీసినా తర్వాత తీసినా చివరి మొత్తం మారదు మరి. కానీ బిల్లులో పన్ను మాత్రం రూ.1,501కి బదులు రూ.1,580 అని ఉండిపోతుంది. అందుకే టోటల్ సరిపోయిందని బిల్లు కరెక్ట్ అనుకోవద్దు. పన్ను గడి కూడా చూడాలి.

ఆ రూ.79 ఎవరికి నష్టం?

రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి అయితే కట్టిన పన్నును ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా వాడుకుంటారు. రూ.1,501 కట్టినా, రూ.1,580 కట్టినా అది తిరిగి సర్దుబాటవుతుంది కాబట్టి పెద్దగా తెలియదు. అయితే బిల్లులో పన్ను తప్పుగా ఉంటే ఆ క్రెడిట్ మీదే ప్రశ్న రావచ్చు.

అసలు దెబ్బ కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు, రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్లకు. వీళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. కట్టిన ప్రతి రూపాయి పన్నూ ఖర్చే. ప్రతి లోడులో 79 పోతే నెలకు నాలుగు లోడులకు రూ.316. ఇది పూర్తిగా వాళ్ల లాభంలోంచే పోతుంది.

ఎంఆర్‌పీ సరుకైతే?

మనం కొట్లో కొనే ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ ఉంటుంది. అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఇక్కడ లెక్క వెనక్కి చేయాలి.

సర్ఫు ప్యాకెట్ ఎంఆర్‌పీ రూ.118 అనుకుందాం. అందులో రూ.18 జీఎస్టీ. షాపు వాళ్లు రూ.100కే ఇచ్చారు. ఇప్పుడు పన్ను రూ.18 కాదు. ఆ వందలోనే పన్ను ఉంది. ఫార్ములా ఇదీ:

100 × 18 ÷ 118 = 15.25

అంటే సరుకు విలువ రూ.84.75, పన్ను రూ.15.25. డిస్కౌంట్ వల్ల పన్ను కూడా తగ్గింది. 5 శాతం సరుకైతే 5 ÷ 105తో గుణించాలి.

"ఎంఆర్‌పీ మీద డిస్కౌంట్ ఇచ్చాం, దానిపై జీఎస్టీ ఎక్స్‌ట్రా" అని కౌంటర్‌లో అంటే ఒప్పుకోవద్దు. వ్యాట్ రోజుల నాటి ఇలాంటి కేసులో, డిస్కౌంట్ ధర మీద మళ్లీ పన్ను వేయడం సరికాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017 జనవరిలో చెప్పింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఈ రెండూ గుర్తుపెట్టుకోండి

ఒకటి, క్యాష్‌బ్యాక్ వేరు, డిస్కౌంట్ వేరు. బ్యాంకు గానీ, యూపీఐ యాప్ గానీ తన జేబులోంచి క్యాష్‌బ్యాక్ ఇస్తే జీఎస్టీ తగ్గదు. ఎందుకంటే షాపుకు పూర్తి ధర అందింది.

రెండు, కాంబో ప్యాక్. సబ్బు, సర్ఫు, ప్లాస్టిక్ బకెట్ కలిపి ఒకే ధరకు అమ్మితే అది 'మిక్స్‌డ్ సప్లై' అవుతుంది. అప్పుడు అందులో ఎక్కువ రేటు ఏదుంటే అదే మొత్తానికి పడుతుంది. 5 శాతం సబ్బుకు కూడా 18 శాతం అన్నమాట. విడివిడిగా ధర వేసి, ఒకే బిల్లులో రాస్తే ఈ ఇబ్బంది లేదు. దేని రేటు దానిదే.

కాబట్టి ఈసారి హోల్‌సేల్ బిల్లు చేతికొచ్చినప్పుడు ఓ నిమిషం ఆగి ఇలా చూడండి. ప్రతి సరుకు పక్కన డిస్కౌంట్ పోగా మిగిలిన ట్యాక్సబుల్ వాల్యూ ఉందా? దాన్ని రేటుతో గుణిస్తే పక్కనున్న పన్ను వస్తోందా? వస్తే బిల్లు కరెక్టే. అలా కాకుండా డిస్కౌంట్ అంతా జీఎస్టీ లైన్ల కింద, టోటల్‌కి పైన ఒక్క లైన్‌లో ఉంటే మాత్రం.. ట్యాక్సబుల్ వాల్యూ తగ్గించి బిల్లు మళ్లీ రాసివ్వమని అక్కడికక్కడే అడగండి.