ఎల్‌ఓఏ మీద తేదీ చూశారా?

రైల్వే టెండర్ దక్కిన కాంట్రాక్టరుకు ముందుగా వచ్చేది ఆమోద పత్రం. అందరూ ఎల్‌ఓఏ అనే అంటారు. చాలామంది అందులో కాంట్రాక్టు విలువ చూసుకుని మురిసిపోయి పక్కన పెట్టేస్తారు. అగ్రిమెంటుకు ముందు చేయాల్సిన పనులు మాత్రం మిగతా పేరాల్లో దాక్కుని ఉంటాయి. ప్రతి షరతునూ బయటికి తీసి ఎంత డబ్బు, ఏ రోజు నుంచి లెక్క, చివరి తేదీ ఏది, ఆఫీసులో ఎవరు చూడాలి అని ఒక కాగితం మీద రాసుకోవాలి.

ఉదాహరణకు రూ.2 కోట్ల పని, 9 నెలల గడువు, ఎల్‌ఓఏ మీద తేదీ 2024 జూన్ 3 అనుకుందాం. రైల్వే సాధారణ షరతుల ప్రకారం కాంట్రాక్టు విలువలో 5 శాతం, అంటే రూ.10 లక్షలకు పెర్ఫార్మెన్స్ గ్యారంటీ ఇవ్వాలి. గడువు 21 రోజులు. ఆ లెక్క పత్రం మీకు అందిన రోజు నుంచి కాదు, జారీ చేసిన రోజు నుంచి. అందువల్ల చివరి రోజు జూన్ 24. పత్రం వారం ఆలస్యంగా మీ కంటపడితే ఆ వారం పోయినట్టే.

జూన్ 24 దాటినా పని చేజారదు. అధికారి అనుమతిస్తే 60వ రోజు, అంటే ఆగస్టు 2 దాకా సమయం దొరుకుతుంది. కాకపోతే 22వ రోజు నుంచి ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ కట్టాలి. జూలై 4న గ్యారంటీ ఇస్తే పది రోజులకు సుమారు రూ.3,288. ఇది పెద్ద మొత్తమేమీ కాదు, అందుకే జనం నిర్లక్ష్యం చేస్తారు. అసలు భయపడాల్సింది 60వ రోజుకే. అది దాటితే కాంట్రాక్టు రద్దవుతుంది, ధరావతు జప్తవుతుంది, అదే పనికి మళ్లీ పిలిచే టెండర్‌లో పాల్గొనే వీలుండదు.

బ్యాంకు గ్యారంటీ అడిగిన రోజే చేతికి రాదు. మార్జిన్ సొమ్ము, స్టాంపు పేపరు, బ్యాంకు లోపలి అనుమతులు అన్నీ కావాలి. కాబట్టి చివరి తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టి, బ్యాంకుకు దరఖాస్తు ఇచ్చే తేదీని కాగితంలో వేరే వరుసగా రాసుకోవాలి. గ్యారంటీ చెల్లుబాటు పని పూర్తికావాల్సిన తేదీ తర్వాత మరో 60 రోజులు ఉండాలి. పని గడువును జారీ తేదీ నుంచే లెక్కిస్తే అది 2025 మార్చి 2తో ముగుస్తుంది, కనుక గ్యారంటీ మే 1 దాకా నడవాలి. మార్చి 2తోనే ముగిసే గ్యారంటీ పట్టుకెళ్తే వెనక్కి పంపేస్తారు. సవరణకు మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి, ఆలోగా 21 రోజులూ కరిగిపోతాయి.

మరో 5 శాతం దగ్గర కూడా తికమకపడతారు. సెక్యూరిటీ డిపాజిట్ వేరు, పెర్ఫార్మెన్స్ గ్యారంటీ వేరు. టెండర్‌తో కట్టిన ధరావతు డిపాజిట్‌లో జమవుతుంది, మిగిలింది బిల్లుల్లోంచి కోసుకుంటారు. ధరావతు కట్టాం కదా అని గ్యారంటీ మొత్తం తగ్గించి బ్యాంకుకు వెళ్లకూడదు. కాగితంలో ఈ రెంటికీ రెండు వరుసలుండాలి. ఒకదాని ఎదురుగా తేదీ ఉంటుంది, రెండోదాని ఎదురుగా ‘మొదటి బిల్లు నుంచి’ అని ఉంటుంది.