హాల్లో ఇద్దరు, డాలస్‌లో ఒకరు

1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక కంప్యూటర్ల సదస్సులో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు దాదాపు వెయ్యి మంది ఎదుట గంటన్నర సేపు ప్రదర్శన ఇచ్చాడు. కంప్యూటర్ మౌస్‌ను జనం ముందు పెట్టిన సభగా దానికి పేరు. అయితే ఆయన నడిపిన కంప్యూటర్ ఆ హాల్లో లేదు. సుమారు 50 కిలోమీటర్ల దూరాన, మెన్లో పార్కులోని పరిశోధనశాలలో ఉంది. అక్కడ కూర్చున్న బిల్ పాక్స్‌టన్ అనే సహచరుడు మధ్యలో వీడియోలో వచ్చి మాట కలిపాడు. పెద్ద తెర మీద ఓ మూల అతని ముఖం, మిగతా చోటంతా ఇద్దరూ కలిసి చూస్తున్న పత్రం. ఒకే ప్రదర్శనను వేదిక మీది మనిషి, దూరాన ఉన్న మనిషి కలిసి నడిపిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఆ రోజు హాలు వెనక భాగాన బిల్ ఇంగ్లిష్ అనే మూడో మనిషి ఉన్నాడు. మౌస్‌ను మొట్టమొదట తయారుచేసింది ఈయనే. ఆ గంటన్నరలో ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఏ కెమెరా బొమ్మ తెర మీదికి వెళ్లాలో చూసుకుంటూ, మెన్లో పార్కు వాళ్లతో లైన్లో ఉండి, రెండు చోట్లనూ ఒక తాటి మీద నడిపాడు.

ఇప్పుడు ఆ సరంజామా అంతా ఒక ల్యాప్‌టాప్‌లో ఇమిడిపోయింది. దాంతో బిల్ ఇంగ్లిష్ చేసిన పని కూడా అందులోనే ఇమిడిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో మిర్చి ఎగుమతిదారుల సమావేశం. ముగ్గురు కలిసి నలభై నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాలి. ఇద్దరు హాల్లో ఉంటారు. మూడో ఆవిడ డాలస్‌లో ఉంటారు. అమెరికాలో దిగే సరుకుకు జరిగే పరీక్షల గురించి మధ్యలో పన్నెండు నిమిషాలు ఆవిడే చెప్పాలి. హాల్లో మామూలు మైక్‌సెట్, ప్రొజెక్టర్, రెండు వందల కుర్చీలు ఉన్నాయి.

ముందుగా చేయాల్సింది నాలుగో మనిషిని పెట్టుకోవడం. వేదిక మీద ఉన్న ఇద్దరిలో ఎవరో ఒకరు కాల్ సంగతి కూడా చూసుకుంటారులే అనుకుంటే కుదరదు. మాట్లాడుతున్న మనిషికి తెర మూలన వచ్చిన ‘వినపడటం లేదు’ అన్న సందేశం కనిపించదు. నాలుగో మనిషి మిక్సర్ పక్కనే కూర్చోవాలి. అతని ఫోన్‌లో డాలస్ ఆవిడతో విడిగా ఒక చాట్ తెరిచి ఉండాలి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, హాల్లోంచి కాల్‌లోకి వెళ్తున్న ధ్వనిని వింటూ ఉండాలి. ఆ నలభై నిమిషాలూ అతనికి వేరే పని చెప్పకూడదు.

అతను ఎక్కువగా కాచుకోవాల్సింది ధ్వనిని. బొమ్మ కాస్త ఆగినా జనం ఓర్చుకుంటారు, మాట తెగితే ఓర్చుకోరు. రిహార్సల్‌లో సాధారణంగా ఇలా జరుగుతుంది.

“మేడమ్, మీ గొంతు ఇక్కడ ఖంగున వినపడుతోంది. మా మాట మీకెలా ఉంది?”

“మీ మాట బాగానే ఉందండీ. కానీ నా మాట నాకే మళ్లీ వినపడుతోంది. రెండు ముక్కలు మాట్లాడేసరికి తడబడిపోతున్నాను.”

వెంటనే హాల్లో వాళ్లు “మీ వైపేదో సమస్య ఉన్నట్టుంది, ఒకసారి చూసుకోండి” అంటారు. నిజానికి తప్పు హాల్లోనే ఉంది. ఆవిడ గొంతు హాలు స్పీకర్లలోంచి వచ్చి, హాలు మైకులో పడి, తిరిగి డాలస్ చేరుతోంది. ఎవరి మాట వాళ్లకే తిరిగి వినపడుతుంటే తప్పు అవతలి పక్కనే ఉంటుంది. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే. ప్రతిధ్వని పుట్టిస్తున్న చోట ఉన్నవాళ్లకు అది వినిపించదు కాబట్టి, ఎన్నిసార్లు అడిగినా ‘మాకు బాగానే ఉంది’ అనే అంటారు. మన మాటే కొంచెం ఆలస్యంగా మన చెవిన పడితే నాలుక తడబడటం సహజం. అనుభవమున్న వక్తలకూ అది తప్పదు.

ఇలాంటి ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. కానీ అది ల్యాప్‌టాప్ సొంత స్పీకరునూ, సొంత మైకునూ దృష్టిలో పెట్టుకుని చేసింది. మధ్యలో ఆంప్లిఫయర్, గోడలకు తగిలించిన పెద్ద స్పీకర్లు, గది గుయ్యిమనడం చేరితే అది చేతులెత్తేస్తుంది. అందుకే పనిని మిక్సర్ దగ్గరే చక్కబెట్టాలి.

ల్యాప్‌టాప్‌లోంచి ఆవిడ గొంతును ఒక తీగతో మిక్సర్‌లోని ఒక చానల్‌కు ఇస్తారు. అది హాలు స్పీకర్లకు వెళ్తుంది. హాలు మైకుల ధ్వనిని మిక్సర్‌లోని ‘ఆక్స్’ అవుట్‌పుట్ నుంచి ఇంకో తీగతో ల్యాప్‌టాప్‌కు పంపిస్తారు. ఇక్కడ చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. మిక్సర్‌లో ప్రతి చానల్‌కూ ఆక్స్ నాబ్ ఉంటుంది. మైకుల చానళ్లకు దాన్ని పెంచి, ల్యాప్‌టాప్ చానల్‌కు మాత్రం పూర్తిగా సున్నాకు తిప్పేయాలి. అప్పుడు డాలస్‌కు హాల్లోని మాటలన్నీ వెళ్తాయి, ఆవిడ మాట మాత్రం తీగ ద్వారా తిరిగి వెళ్లదు. ఆపైన ఆవిడ మాట్లాడుతున్నంత సేపూ హాలు మైకుల్ని తగ్గించి ఉంచితే, గాలిలోంచి మైకులో పడే దారి కూడా మూసుకుపోతుంది.

ఆక్స్ తీగను తెచ్చి ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెడితే చాలావాటిలో పనిచేయదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. స్పీకర్లలో ‘గుమ్మ్’ అని ఒకటే మోత వస్తుంటే ఒకసారి ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడాలి. మోత ఆగిపోతే కరెంటు ఎర్తింగ్ వల్ల వచ్చిన గోల అనుకోవచ్చు. మైక్‌సెట్ వాళ్ల దగ్గర దానికి డీఐ బాక్స్ ఉంటుంది.

స్పీకర్లు ఒక్కసారిగా కీచుమన్నాయంటే, హాల్లోనే ఇంకెవరో రెండో ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో అదే కాల్‌లో చేరి ఉండొచ్చు. మైకు ఒక్కటి మ్యూట్ చేస్తే సరిపోదు. ఆ పరికరం స్పీకరు కూడా ఆపాలి. కాల్‌లోకి వచ్చేటప్పుడే ఆడియో లేకుండా చేరడం ఇంకా మంచిది.

ధ్వని కుదిరాక మిగిలే చిక్కు ఆలస్యం. గుంటూరు నుంచి డాలస్‌కు అడ్డదారిన కొలిచినా 14 వేల కిలోమీటర్లకు పైనే. గాజు తంతిలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే దారికే ఒక వైపున సెకనులో పద్నాలుగో వంతు పడుతుంది. అసలు కేబుళ్లు వంకర్లు తిరిగి వెళ్తాయి, బొమ్మనూ మాటనూ కుదించి మళ్లీ విప్పడానికి ఇంకొంత సమయం పోతుంది. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాటకూ మరొకరి మాటకూ మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు మాత్రమేనని, పది భాషల్లో పరిశీలించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం తేల్చింది. మన చెవికి అలవాటైన లెక్క అది. వీడియో కాల్‌లో జవాబు అంతకంటే ఆలస్యంగా వస్తుంది. దాంతో హాల్లో వక్త ‘వినపడలేదేమో’ అనుకుని మళ్లీ మొదలుపెడతాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ మాట వచ్చి పడుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. “మీరు చెప్పండి”, “లేదు లేదు, మీరే చెప్పండి” అనుకోవడంతో సభ ఊపు పోతుంది.

దీనికి మందు ముందే రాసుకున్న అప్పగింత వాక్యం. హాల్లో వక్త తన భాగం చివర్లో ఆవిడ పేరు చెప్పి, ఏ అంశం చెబుతారో చెప్పి, ఆగిపోవాలి. “బాగున్నారా? వినపడుతోందా?” అని అడగకూడదు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుని ఎదురుచూడాలి. ఆవిడ కూడా “హలో, వినపడుతోందా” అనకుండా నేరుగా విషయంలోకి వెళ్లాలి. వినపడుతోందో లేదో చూసుకోవడానికి నాలుగో మనిషి ఉన్నాడు, అతను చాట్‌లో చెబుతాడు. ఆవిడ కూడా తన భాగాన్ని ముందే అనుకున్న మాటతోనే ముగించాలి. ఆ మాట వినగానే మిక్సర్ దగ్గర మైకు లేస్తుంది.

స్లైడ్లు ఒక్క చోటు నుంచే నడవాలి, ఆ చోటు హాలు ల్యాప్‌టాప్ కావాలి. ఆవిడ తన తెరను డాలస్ నుంచి పంచుకుంటే నెట్ నెమ్మదించినప్పుడల్లా అక్షరాలు మసకబారతాయి. టీమ్స్‌లో పవర్‌పాయింట్‌ను తెరిస్తే దూరాన ఉన్నవాళ్లు Take control నొక్కి స్లైడ్లు తామే తిప్పుకోవచ్చు. జూమ్‌లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. అది కుదరకపోతే ఆవిడ ప్రసంగపాఠంలో స్లైడ్ మారే చోట్లన్నీ గుర్తు పెట్టి నాలుగో మనిషి చేతికివ్వాలి, అతనే తిప్పుతాడు. ఏ పద్ధతైనా, ఆవిడ చూడాల్సింది తన దగ్గరున్న కాపీని. కాల్‌లో కనిపించే స్లైడ్ కాస్త వెనకబడే ఉంటుంది. మధ్యలో వీడియో వేయాలంటే అదీ హాల్లోంచే వేయాలి. అప్పుడు జూమ్‌లో Share sound గడిలో టిక్ పెట్టకపోతే ఆ వీడియో ధ్వని డాలస్‌కు చేరదు.

లేజర్ పాయింటర్ సంగతి చాలామందికి తట్టదు. తెర మీద పడే ఎర్ర చుక్క గదిలో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. “ఇక్కడ చూడండి, ఈ గీత” అని హాల్లో వక్త అంటే, డాలస్‌లో ఆవిడకు ఏ గీతో తెలియదు. మౌస్ బాణంతో చూపిస్తే ఇద్దరికీ కనిపిస్తుంది.

ఇక గడియారం. వేసవిలో గుంటూరుకూ డాలస్‌కూ పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు కాబట్టి, ఆ రోజు నుంచి పదకొండున్నర. అక్టోబరులో రిహార్సల్ పెట్టుకుని, ‘మన సాయంత్రం ఆరు, మీ ఉదయం ఏడున్నర’ అనుకున్నవాళ్లు నవంబరు రెండో వారంలో సభ పెడితే ఆవిడకు అది ఆరున్నర అవుతుంది. ఏడున్నర అని రాసుకున్న మనిషి ఆరున్నరకు కాల్‌లో కనిపించరు. క్యాలెండర్ ఆహ్వానం పంపిస్తే ఫోనే ఆ తేడా చూసుకుంటుంది.

కాల్ తెగిపోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. వైఫై ఖాళీ హాల్లో చక్కగా పనిచేసి, రెండు వందల ఫోన్లు వచ్చేసరికి నీరసిస్తుంది. అందుకని ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ ఇవ్వాలి, రౌటర్‌ను యూపీఎస్ మీద పెట్టాలి, పక్కన వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచాలి. అయినా తెగితే అరనిమిషం చూస్తారు. ఆ అరనిమిషం హాల్లో వక్త తన మాటలతో నింపాలి, తెర వైపు తిరిగి నిలబడిపోకూడదు. అప్పటికీ రాకపోతే మామూలు ఫోన్ కాల్ చేసి, ఆ ఫోన్‌ను మిక్సర్‌కు తగిలిస్తారు. ముఖం లేకపోయినా మాట సాగుతుంది. అదీ కుదరకపోతే ముందు రోజు ఆవిడ రికార్డు చేసి పంపిన పన్నెండు నిమిషాల వీడియో హాలు ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది.

ప్రశ్నల సమయంలో నాలుగో వరుసలోంచి ఒక రైతు లేచి, మైకు లేకుండానే పెద్ద గొంతుతో అడుగుతాడు. హాలంతా వింటుంది, డాలస్‌కు ఒక్క ముక్క చేరదు. అందుకే వేదిక మీది వక్త ప్రతి ప్రశ్ననూ మైకులో తిరిగి చెప్పి, జవాబు ఎవరిదో పేరు పెట్టి పిలవాలి. మొదటి రెండు ప్రశ్నల్లో ఒకటి ఆవిడకే ఇవ్వడం మంచిది, లేకపోతే జనం ఆవిడ ఉన్నారన్న సంగతే మరిచిపోయి అన్నీ ఎదురుగా ఉన్నవాళ్లనే అడుగుతారు. సభ ముగిశాక నాలుగో మనిషి ముందు ఆక్స్ అవుట్‌పుట్‌ను పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే కాల్ ముగించాలి. అప్పటిదాకా వేదిక మీద మైకు దగ్గర అనుకునే ప్రతి మాటా డాలస్‌లో వినిపిస్తూనే ఉంటుంది, రికార్డింగ్ పెట్టి ఉంటే అందులోకీ ఎక్కుతుంది.