ధర చెప్పేవాడు మూగబోతే

ఈథర్ తాకట్టు పెట్టి అప్పు తీసుకునే 'లిక్విటీ' అనే వ్యవస్థ 2021 ఏప్రిల్‌లో మొదలైంది. తాకట్టు విలువ అప్పుకు 110 శాతం కంటే తగ్గితే దాన్ని స్వాధీనం చేసుకుంటారు. కాబట్టి ఈథర్ ధర తప్పుగా వచ్చిందంటే నిక్షేపంగా ఉన్న తాకట్టు కూడా పోతుంది.

అందుకే దీనికి ధర చెప్పేవాళ్లు ఇద్దరు. మామూలుగా చైన్‌లింక్ మాటే చెల్లుతుంది. అది నాలుగు గంటలకు మించి కొత్త ధర ఇవ్వకపోతే, టెల్లర్‌ను అడుగుతారు.

మౌనాన్ని పట్టుకోవడం సులువు, అబద్ధాన్ని పట్టుకోవడమే కష్టం. ఉదాహరణకు, 2000 డాలర్లున్న ఈథర్‌ను చైన్‌లింక్ ఉన్నట్టుండి 900 అంది అనుకుందాం. ఒకేసారి 50 శాతానికి మించిన మార్పు కనుక అనుమానం వస్తుంది. అయితే మార్కెట్ నిజంగానే కూలి ఉండవచ్చు కదా! అప్పుడు టెల్లర్ ధర చూస్తారు. అది 920 అంటే తేడా 5 శాతంలోపే, చైన్‌లింక్‌నే నమ్ముతారు. 1960 అంటే మాత్రం టెల్లర్ వైపు మళ్లుతారు.

తిరిగి చైన్‌లింక్‌కు రావాలన్నా, రెండూ పనిచేస్తూ వాటి ధరలు 5 శాతంలోపు కలవాలి. లేకుంటే వ్యవస్థ అటూ ఇటూ ఊగుతుంది.

ఇద్దరూ నమ్మదగనివారైతే? చివరిసారి నమ్మిన ధరతోనే నెట్టుకొస్తారు. ఈ ఏర్పాటులో బలహీనమైన చోటు ఇదే: ఆ సమయంలో మార్కెట్ పడిపోతుంటే, పాత ధర ముసుగులో విలువలేని తాకట్టుపై కొత్త అప్పులు పుడతాయి.