దరఖాస్తు వేరు, రెజ్యూమే వేరు

నల్లగొండలో పెరిగి, ప్రస్తుతం కూకట్‌పల్లిలో ఉంటున్న బీకాం పట్టభద్రురాలు ఒకామె ఉందనుకుందాం. రెండేళ్లుగా ఒక ఆడిటర్ దగ్గర అకౌంట్స్ చూస్తోంది. ఒకపక్క టీజీపీఎస్సీ గ్రూప్-2 రాయాలని ఉంది, మరోపక్క పెద్ద కంపెనీలో అకౌంటెంట్‌గా చేరాలని ఉంది. మనిషి ఒకరే, చదువూ ఒకటే. అయినా ఒకచోటికి తయారుచేసిన కాగితం రెండోచోట పనికిరాదు.

ప్రభుత్వ దరఖాస్తు ఆమె ఎంత సమర్థురాలని అడగదు. పరీక్షకు అర్హత ఉందా లేదా అన్నదే చూస్తుంది. ఉద్యోగం తెచ్చేవి పరీక్షలో వచ్చే మార్కులు. కానీ దరఖాస్తులో ఒక్క గడి తప్పు పడితే ఆ మార్కులు కూడా కాపాడలేవు. పైగా ఆ తప్పు చాలాసార్లు దరఖాస్తు నాడు బయటపడదు. ఫలితాలొచ్చాక, సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర బయటపడుతుంది.

ఎక్కువ మంది తికమకపడేది స్థానికత దగ్గర. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోనల్, మల్టీ జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. స్థానికత తేల్చేది ఆధార్ మీది చిరునామా కాదు, 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నది. మన అభ్యర్థి 3వ తరగతి దాకా సూర్యాపేటలో, 4 నుంచి 7 దాకా నల్లగొండలో చదివితే ఏడేళ్లలో నాలుగేళ్లు నల్లగొండవే కాబట్టి ఆమె ఆ జిల్లా స్థానికురాలు. కూకట్‌పల్లిలో ఎన్నేళ్లున్నా లెక్క మారదు. దీనికి రుజువు బోనఫైడ్ సర్టిఫికెట్లు. చిన్నప్పటి ప్రైవేటు బడి మూతపడి ఉంటే వాటికోసం వారాల తరబడి తిరగాల్సి రావచ్చు. నోటిఫికేషన్ రాకముందే తెచ్చిపెట్టుకుంటే మంచిది.

రెండో చిక్కు తేదీలది. డిగ్రీ ఉంటే చాలదు, నోటిఫికేషన్ చెప్పిన తేదీ నాటికి చేతిలో ఉండాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు అంతకుముందు ఆర్థిక సంవత్సరపు ఆదాయమే ఆధారం గనుక పాతది చెల్లదు. బీసీలు కేంద్ర ఉద్యోగాలకు ఓబీసీ కోటాలో దరఖాస్తు చేస్తే రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువపత్రం సరిపోదు. కేంద్రం నమూనాలో ఉన్న నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, ఆ కులం కేంద్ర జాబితాలోనూ ఉండాలి. ఇక పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎలా ఉంటే దరఖాస్తులోనూ అలాగే, అక్షరం తేడా లేకుండా రాయాలి.

ప్రైవేటు కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు. అయినా మన రెజ్యూమేల్లో తండ్రి పేరు, పుట్టినతేదీ, మతం, చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న వాక్యం, కింద సంతకం కనిపిస్తూనే ఉంటాయి. సర్కారు ఫారం అలవాటు అక్కడిదాకా పాకింది! అవన్నీ చోటు తినేవే తప్ప ఇంటర్వ్యూకు పిలిపించేవి కావు.

రెజ్యూమేలో గడులు ఉండవు. ఏది ముందు చెప్పాలో, ఏది వదిలేయాలో రాసేవారే తేల్చుకోవాలి. కష్టం అక్కడే. మన అభ్యర్థి ‘అకౌంట్స్ పనిలో రెండేళ్ల అనుభవం’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. ‘18 మంది క్లయింట్లకు ప్రతినెలా జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీ గడువులోగా దాఖలు, ట్యాలీలో ఎంట్రీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిపోల్చడం’ అంటే ఆమెకు ఏం పని వచ్చో తెలిసిపోతుంది. ఆ అంకె నిజమై ఉండాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే రావచ్చు. కంపెనీ ప్రకటనలో టీడీఎస్ పని అడిగి, ఆమె అది చేసి ఉంటే ఆ మాట పైకి రావాలి. చాలా కంపెనీలు రెజ్యూమేలను మొదట సాఫ్ట్‌వేర్‌తో వడకడతాయి గనుక ప్రకటనలో వాడిన పదమే వాడటం మేలు. ఇద్దరు ముగ్గురేళ్ల అనుభవానికి ఒక పేజీ చాలు.

రుజువులు అడగరని ధీమాగా ఉండే వీలు మాత్రం లేదు. ఆఫర్ ఇచ్చే ముందో తర్వాతో చాలా కంపెనీలు నేపథ్యం ఆరా తీస్తాయి. రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం-16 అడుగుతాయి. పీఎఫ్ ఉన్నవారికి పాత యజమాని దగ్గర చేరిన, మానిన తేదీలు ఈపీఎఫ్ రికార్డులో కనిపిస్తాయి. మధ్యలో ఆరు నెలలు ఖాళీగా ఉండి, దాన్ని కప్పిపెట్టడానికి తేదీలు సాగదీసినవారు అక్కడే దొరికిపోతారు. ఖాళీని ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ కాలంలో గ్రూప్స్‌కు చదివామని చెబితే సరిపోతుంది.

దరఖాస్తు పంపాక దాని పీడీఎఫ్ తప్పకుండా దాచుకోండి, పరిశీలన నాడు అడుగుతారు. తప్పులు దిద్దుకునే అవకాశం ఇస్తే ఆ పీడీఎఫ్‌ను మెమోల పక్కన పెట్టుకుని ఒక్కో గడీ సరిచూడండి. ఏ కంపెనీకి ఏ రెజ్యూమే పంపారో ఆ కాపీ కూడా విడిగా ఉంచుకోండి. ఇంటర్వ్యూలో ఎదుటివారి చేతిలో ఉండేది అదే.