ముందే కడితే తగ్గింపు: ఎవరికి, ఎంత, ఏ తేదీ వరకు?

విజయవాడలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. జూన్ 3న ఒక పాత పార్టీకి, జీఎస్టీ కాకుండా, లక్ష రూపాయల సరుకు పంపింది. బిల్లు గడువు 30 రోజులు. పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గిస్తామంది. రెండే శాతం కదా అనిపిస్తుంది. కానీ 20 రోజులు ముందుగా డబ్బు చేతికి రావడం కోసం 2,000 రూపాయలు వదులుకుంటోంది. ఏడాది లెక్కన అది 37 శాతం వడ్డీ. 12 శాతానికి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే అవే 20 రోజులకు వడ్డీ సుమారు 650 రూపాయలే.

అలాగని తగ్గింపు దండగ అనలేం. ఆ పార్టీ ఎప్పుడూ 60 రోజులకు గానీ కట్టదనుకోండి. అప్పుడు సొమ్ము 50 రోజులు ముందే వస్తున్నట్టు. బ్యాంకు వడ్డీయే 1,600 దాటేది. ఒకటిన్నర శాతం తగ్గించినా లాభమే. అందుకే బిల్లు మీది గడువును కాదు, లెడ్జరులో ఆ పార్టీ నిజంగా కట్టిన తేదీలను చూడాలి. ఎలాగూ పన్నెండో రోజుకే కట్టేవాళ్లకు ఈ తగ్గింపు ఇస్తే, మీ లాభంలోంచి ఊరికే తీసిచ్చినట్టే.

గొడవలన్నీ తేదీ దగ్గరే వస్తాయి. ‘పది రోజుల్లోపు’ అని రాస్తే బిల్లు రోజు నుంచా, సరుకు దిగిన రోజు నుంచా అనే వాదన మొదలవుతుంది. బిల్లు మీద ఇలా రాయండి: ‘జూన్ 13 రాత్రిలోగా పూర్తి సొమ్ము మా ఖాతాలో జమైతే, జీఎస్టీ కాని విలువపై ఒకటిన్నర శాతం, అంటే 1,500 రూపాయలు తగ్గింపు. పాత బాకీ ఉంటే వర్తించదు.’ ‘జమైతే’ అన్న మాట తప్పనిసరి. 13న చేతికిచ్చిన చెక్కు ఆ రోజే జమ కాకపోవచ్చు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లోనూ 24 గంటలూ పనిచేస్తోంది కాబట్టి, బ్యాంకు మూసేశారనే సాకు అక్కడ చెల్లదు.

తగ్గింపు ఇచ్చాక క్రెడిట్ నోట్ రాయాలి. అందులో జీఎస్టీ కూడా తగ్గిస్తే, కొన్న పార్టీ తాను తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో ఆ మేరకు వెనక్కి ఇవ్వాలి. ఏ పద్ధతి పాటిస్తారో ఆడిటరుతో ముందే తేల్చుకోండి.

ఇక 16న కట్టి కూడా 1,500 కోసుకునే పార్టీలుంటాయి. ఆ మొత్తాన్ని లెడ్జరులో బాకీగానే ఉంచి, అదే రోజు ఫోన్ చేయండి: ‘సార్, తేదీ దాటింది కదండీ, ఈ 1,500 వచ్చే బిల్లుతో కలిపి పంపండి.’ ఒక్కసారి ఊరుకుంటే, తర్వాతి బిల్లుకు ఆ పార్టీ దృష్టిలో ఆఖరి తేదీ 16 అవుతుంది.