పాట అదే, మాటలు వేరే

అమెరికన్ గాయకుడు సీలో గ్రీన్ 2010లో ఒక పాట వదిలాడు. తనను కాదని డబ్బున్నవాడితో వెళ్లిపోయిన అమ్మాయిని తిట్టిపోసే పాట అది. పల్లవిలోనే కాదు, పాట పేరులోనూ పచ్చి బూతే. రేడియోలో అది వేయలేరు, అలాగని ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు ఆపేస్తే పల్లవే మిగలదు. అందుకే బూతు స్థానంలో ‘మర్చిపో’ అనే అర్థం వచ్చే మాట పెట్టి, "Forget You" పేరుతో మళ్లీ పాడించారు. ఇప్పుడు ఆ పేరుతో వెతికితే వచ్చేది ఈ మడికట్టుకున్న పాటే. ‘ఇది అసలుది కాదు మావయ్యా’ అని మా మేనల్లుడు నవ్వేదాకా నాకు తెలియలేదు.

ఈ జంట రూపాలకు మూలం 1985లో ఉంది. పిల్లలు వినే పాటల్లో బూతులున్నాయని అమెరికాలో కొందరు తల్లులు సెనేట్ దాకా వెళ్లారు. దాంతో క్యాసెట్ల మీద హెచ్చరికలు మొదలై, 1990లో అందరికీ ఒకటే నలుపు తెలుపు చీటీ ఖరారైంది. వాల్‌మార్ట్ ఆ చీటీ ఉన్నవి అమ్మనంది. అంత పెద్ద దుకాణాన్ని ఎవరొదులుకుంటారు? బూతులు తీసేసిన ఇంకో ఆల్బమ్ కూడా తయారైంది.

నేటి యాప్‌లలో ఆ చీటీయే పాట పేరు పక్కన "E" అక్షరంగా మారింది. అయితే "E" లేనంత మాత్రాన అది కోత పడిన పాట అనుకోకూడదు, మొదటి నుంచీ బూతే లేకపోవచ్చు. నిడివి చూసి పోల్చుకోవడమూ కష్టమే. మాటను మాయం చేసినా, తిరగేసి వినిపించినా, మళ్లీ పాడించినా పాట పొడవు పెద్దగా మారదు. వాద్యం సాగుతూండగా గొంతు మాత్రం అర క్షణం తెగితే అనుమానించండి.

అసలుది కావాలంటే ముందు సెట్టింగ్స్‌లో ఎక్స్‌ప్లిసిట్ పాటలకు అనుమతి ఉందో లేదో చూడండి. పిల్లల ఖాతాలో, ఇంటిల్లిపాదీ వాడే స్పీకర్‌లో అది ఆపేసి ఉండవచ్చు. తర్వాత సెర్చ్‌లో పైనొచ్చిన పాటను నొక్కేయకుండా గాయకుడి పేజీకి వెళ్లి, సింగిల్స్, సంకలనాలు వదిలేసి ఆల్బమ్‌లు తెరవండి. సీలో పాటకైతే 2010 నాటి ‘ద లేడీ కిల్లర్’ కావాలి. ఒకే అట్టబొమ్మతో రెండు ఆల్బమ్‌లు కనిపిస్తే "E" ఉన్నది తీసుకోండి. ప్లేలిస్టులోకి పాటను అక్కడి నుంచే చేర్చుకోండి.

పాత పాటలకైతే ఆల్బమ్ అడుగున ℗ గుర్తు పక్కనున్న ఏడాది కూడా చూడాలి. అది రికార్డింగు వెలువడిన సంవత్సరం. 1970ల పాట పక్కన 2012 కనిపిస్తే, గాయకుడు ముసలితనంలో మళ్లీ పాడి ఉండవచ్చు, లేదా పాత టేపునే శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసి ఉండవచ్చు. రెండో రకమైతే పేరులో తరచుగా "Remastered" అని ఉంటుంది. మొదటిదాన్ని మాత్రం గొంతులోని వయసే పట్టిస్తుంది.