ఒకే వరుసలో పట్టిక: మూటల లెక్క, చిల్లర లెక్క

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇచ్చిన సమస్య మూటల లెక్కో, చిల్లర లెక్కో గుర్తించగలుగుతారు.
- పెద్ద పట్టికకు బదులు ఒకే వరుసతో జవాబు రాబట్టగలుగుతారు.
- వరుసను తప్పు దిశలో నింపితే వచ్చే పొరపాటును కనిపెట్టగలుగుతారు.

1. రెండు లెక్కలు

మీ దగ్గర మూడు బియ్యం మూటలు ఉన్నాయనుకోండి. వాటి బరువులు 2, 5, 6 కిలోలు. ఏ మూటనూ విప్పకుండా సరిగ్గా 9 కిలోలు ఇవ్వగలరా?

ఇక రెండో లెక్క. ఒక దుకాణం గల్లాపెట్టెలో 1, 2, 5 రూపాయల నాణేలు కావలసినన్ని ఉన్నాయి. 5 రూపాయల చిల్లరను ఎన్ని విధాలుగా ఇవ్వవచ్చు?

ఈ రెండూ నాప్‌శాక్ లెక్కలనే కుటుంబానికి చెందినవి. నాప్‌శాక్ అంటే వీపున మోసే సంచి. మోయగల బరువుకు హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోబడి ఏ వస్తువులు తీసుకోవాలన్నదే ప్రశ్న. మన మొదటి లెక్కను 'ఉపసమితి మొత్తం' అంటారు. రెండోది చిల్లర లెక్క.

ఇలాంటి సమస్య ఎదురైనప్పుడు మూడు విషయాలు చూడండి. చేరుకోవలసిన మొత్తం ఎంత? ఒక వస్తువును ఒక్కసారే వాడాలా, ఎన్నిసార్లైనా వాడవచ్చునా? అడిగింది ఏమిటి: సాధ్యమా కాదా, ఎన్ని విధాలు, కనీసం ఎన్ని వస్తువులు? మూట ఒక్కసారే వస్తుంది. నాణెం మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ తేడాయే మన ప్రోగ్రామును నిర్ణయిస్తుంది.

2. మూటల లెక్కకు పట్టిక

మూడు మూటలను ఎంచుకొనే విధాలు ఎనిమిదే కాబట్టి అన్నింటినీ రాసి చూడవచ్చు. కాని ఒక్కొక్క మూట చేరినకొద్దీ ఆ సంఖ్య రెట్టింపవుతుంది. 20 మూటలకే పది లక్షలు దాటుతుంది. అందుచేత మూటల కూర్పులను కాక, చేరుకోగల మొత్తాలను గుర్తుపెట్టుకొంటాం. ఒకసారి తేల్చిన చిన్న లెక్కను దాచి, పెద్ద లెక్కకు వాడుకొనే ఈ పద్ధతే డైనమిక్ ప్రోగ్రామింగ్.

0 నుంచి 9 వరకు గడులు గీయండి. చేరుకోగల మొత్తానికి 1, లేకపోతే 0 వేయండి. ఏ మూటా తీసుకోకపోతే మొత్తం 0 కాబట్టి మొదట ఆ గడిలో మాత్రమే 1 ఉంటుంది.

| మొత్తం | 0 | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9 |
|---|---|---|---|---|---|---|---|---|---|---|
| మొదట | 1 | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 |
| 2 కిలోల మూట తరువాత | 1 | 0 | 1 | 0 | 0 | 0 | 0 | 0 | 0 | 0 |
| 5 కిలోల మూట తరువాత | 1 | 0 | 1 | 0 | 0 | 1 | 0 | 1 | 0 | 0 |
| 6 కిలోల మూట తరువాత | 1 | 0 | 1 | 0 | 0 | 1 | 1 | 1 | 1 | 0 |

చివరి వరుసలో 8వ గడి చూడండి. 6 కిలోల మూట తీసుకొంటే ఇంకా 2 కిలోలు కావాలి. పై వరుసలో 2వ గడిలో 1 ఉంది; కాబట్టి 8 సాధ్యమే. 9వ గడిలో 0 ఉంది. అంటే సరిగ్గా 9 కిలోలు ఇవ్వలేం.

3. ఒకే వరుస చాలు

ప్రతి వరుసా తన పైనున్న వరుసను మాత్రమే చూస్తుంది. అంతకు ముందున్న వరుసలతో దానికి పని లేదు. అందువల్ల ఒకే వరుసను ఉంచుకొని, అందులోనే మార్పులు చేయవచ్చు. మన లెక్కలో 40 గడులకు బదులు 10 చాలు. 100 మూటలు, 10,000 మొత్తం ఉంటే 10,10,101 గడులకు బదులు 10,001 చాలు. అయితే తగ్గేది జ్ఞాపకస్థానమే. చేయవలసిన కూడికలు తగ్గవు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వరుసను కుడి నుంచి ఎడమకు నింపాలి.

```
a = [2, 5, 6]
T = 9
r = [0] * (T + 1)
r[0] = 1
for x in a:
    for s in range(T, x - 1, -1):
        if r[s - x] == 1:
            r[s] = 1
```

`s` గడి నింపేటప్పుడు మనం చూసేది దానికి ఎడమవైపున్న `s - x` గడిని. కుడి నుంచి వస్తే ఆ ఎడమ గడిని ఈ మూట ఇంకా ముట్టుకోలేదు. అందులో పాత వరుస విలువే ఉంటుంది. ఎడమ నుంచి వస్తే అది అప్పటికే మారిపోయి ఉండవచ్చు. 2 కిలోల మూటతో 2వ గడిలో 1 వస్తుంది. దాన్ని చూసి 4వ గడిలో, దాన్ని చూసి 6, 8 గడుల్లో కూడా 1 పడుతుంది. ఒకే మూటను నాలుగుసార్లు వాడినట్లయింది! తరువాత 5 కిలోల మూట వచ్చి, 4వ గడిని చూసి 9వ గడిలో 1 వేస్తుంది. ప్రోగ్రాము ఆగిపోదు, హెచ్చరికా రాదు; తప్పు జవాబు మాత్రం వస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి సులువైన పరీక్ష ఉంది. 2 కిలోల మూట ఒక్కటే ఇచ్చి, 4 సాధ్యమా అని అడగండి. 1 వస్తే దిశ తప్పింది.

4. చిల్లర లెక్కకు ఎడమ నుంచి కుడికి

మూటల లెక్కలో తప్పయినదే చిల్లర లెక్కలో మనకు కావలసింది. నాణేన్ని మళ్ళీ వాడవచ్చు కాబట్టి ఎడమ నుంచి కుడికి నింపుతాం. ఎన్ని విధాలో అడిగారు కనుక గడుల్లో విధాల సంఖ్య ఉంచి కూడుతాం.

```
a = [1, 2, 5]
T = 5
w = [0] * (T + 1)
w[0] = 1
for x in a:
    for s in range(x, T + 1):
        w[s] = w[s] + w[s - x]
```

1 రూపాయి నాణెం తరువాత గడులు 1, 1, 1, 1, 1, 1. 2 రూపాయల నాణెం తరువాత 1, 1, 2, 2, 3, 3. 5 రూపాయల నాణెం తరువాత చివరి గడి 4 అవుతుంది. సరిచూడండి: 5, 2+2+1, 2+1+1+1, 1+1+1+1+1. మొత్తం నాలుగు విధాలు.

నాణేల `for` పైన, మొత్తాల `for` లోపల ఉన్నాయని గమనించండి. వాటిని తారుమారు చేస్తే 4కు బదులు 9 వస్తుంది. అప్పుడు 2+2+1, 2+1+2, 1+2+2 వేరువేరు విధాలుగా లెక్కకు వస్తాయి. ఇచ్చే వరుసక్రమం కూడా ముఖ్యమని అడిగితే అదే సరైన జవాబు. చిల్లరకు మాత్రం కాదు.

5. ఒకే వరుసతో పోయేది ఏమిటి?

పాత వరుసలు చెరిపేశాం కాబట్టి 8 కిలోలు సాధ్యమని తెలుస్తుంది గాని, ఏయే మూటలతోనో తెలియదు. దీనికి రెండో వరుస ఒకటి పెట్టుకోండి. ఒక గడిలో మొదటిసారి 1 పడినప్పుడు, ఏ మూట వల్ల పడిందో అందులో రాయండి, తరువాత మార్చకండి. 8వ గడిలో 6 ఉంటుంది. 8 నుంచి 6 తీస్తే 2. 2వ గడిలో 2 ఉంటుంది. తీస్తే 0. మూటలు 6, 2 అని తేలింది.

మరొక హద్దు కూడా ఉంది. గడుల సంఖ్య మొత్తం ఎంత పెద్దదన్న దాన్నిబట్టి పెరుగుతుంది. ఒక మూట 2.5 కిలోలైతే అన్నింటినీ గ్రాముల్లోకి మార్చవచ్చు. కాని అప్పుడు 9 కిలోలకు 9,001 గడులు కావాలి. బరువులన్నీ అరకిలో లెక్కన ఉంటే అరకిలోనే ఒక ప్రమాణంగా తీసుకోండి. 19 గడులతో సరిపోతుంది.

పాఠగత ప్రశ్నలు

1. 3, 4, 5, 6 కిలోల మూటలను ఇద్దరికి సమానంగా పంచాలి. ఇది ఏ లెక్క? చేరుకోవలసిన మొత్తం ఎంత?
2. 3, 5 కిలోల మూటలు ఒక్కొక్కటే ఉన్నాయి. 6 సాధ్యమని ప్రోగ్రాము చెప్పింది. తప్పు ఎక్కడ?
3. 2, 5 రూపాయల నాణేలతో 10 రూపాయలను ఎన్ని విధాలుగా ఇవ్వవచ్చు?

జవాబులు

1. ఉపసమితి మొత్తం. మూటలన్నీ కలిపి 18 కిలోలు. సగం 9 చేరుకోవాలి. ఒకరికి 3, 6. మరొకరికి 4, 5.
2. వరుసను ఎడమ నుంచి నింపారు. 3 కిలోల మూట రెండుసార్లు లెక్కకు వచ్చింది.
3. రెండు విధాలు: 5+5, 2+2+2+2+2.